శివరాత్రి మాఘంలోనా, ఫాల్గుణంలోనా? ఉత్తరాది నెలల్ని మన క్యాలెండర్‌లోకి మార్చుకోవడం ఎలా

ఏటా సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి ఈ ప్రశ్న మొదలవుతుంది. కాశీలో ఉన్న మా పిన్నివాళ్లు శివరాత్రి ఫాల్గుణ మాసంలో అంటున్నారు, మన గోడ క్యాలెండర్‌లో మాఘ బహుళ చతుర్దశి అని ఉంది, మరి వాళ్లకి నెల తర్వాత వస్తుందా, మనం ముందు చేసేస్తున్నామా, టికెట్లు ఏ తేదీకి తీసుకోవాలి అని. కార్తీకం ముందు ఇదే ప్రశ్న ఇంకో రకంగా వస్తుంది. తద్దినాల విషయంలో కూడా వస్తుంది, అక్కడ మాత్రం నిజంగా నెల తేడాతో పొరపాటు చేసినవాళ్లున్నారు. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. పట్టిసం వీరభద్రుడి గుడిలోనూ కాశీ విశ్వనాథుడి గుడిలోనూ మహాశివరాత్రి ఒకే రాత్రి. మారేది నెల పేరు మాత్రమే. ఒక తిథి మీద వచ్చే పండగలకి మన దగ్గర ఏ రోజో అక్కడా దాదాపు ఎప్పుడూ అదే రోజు. నెలంతా చేసే వ్రతాలకి, స్నానాలకి మాత్రం తేదీలు నిజంగానే పదిహేను రోజులు జరుగుతాయి. ఈ రెండిటినీ కలిపేసుకోవడం వల్లే టెన్షన్ అంతా.

తెలియాల్సిన సిద్ధాంతం ఇంతే. మన ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర, గోవా, గుజరాత్‌లలో నెల అమావాస్యతో ముగుస్తుంది, దాన్ని అమాంతం అంటారు. ఉత్తరప్రదేశ్, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్, హర్యానా, పంజాబ్ వైపు నెల పౌర్ణమితో ముగుస్తుంది, అది పూర్ణిమాంతం. మనకి ముందు శుద్ధం, తర్వాత బహుళం. వాళ్లకి ముందు కృష్ణపక్షం, తర్వాత శుక్లపక్షం. చంద్రుడూ ఒకడే, తిథులూ అవే.

కావాల్సినవి

- మీ ఇంట్లో వాడే తెలుగు పంచాంగం గానీ, తిథులూ అవి ముగిసే సమయాలూ ఇచ్చే గోడ క్యాలెండర్ గానీ. పండగ పేర్లు మాత్రమే ఉన్న క్యాలెండర్ చాలదు.
- అవతలి ప్రాంతం వాళ్లు చెప్పిన మాట పూర్తిగా, అంటే నెల, పక్షం, తిథి మూడూ. "ఫాల్గుణ చతుర్దశి" అని సగం చెబితే లెక్క కట్టలేం.
- కుదిరితే ఇంగ్లిష్ తేదీ. అది దొరికితే సగం పని అయిపోయినట్టే.

ఫోన్‌లో పంచాంగం యాప్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో `Amanta` ఉందో `Purnimanta` ఉందో ఒకసారి చూసుకోండి. కొన్ని యాప్‌లు ఆ రోజు వివరాల్లో రెండు పేర్లూ పక్కపక్కనే చూపిస్తాయి, అవైతే మరీ సుఖం.

1. నెల పేరు పక్కన పెట్టి ముందు పక్షం చూడండి

అందరూ నెల పేరు దగ్గరే ఆగిపోతారు. మీరు ముందు పక్షం అడగండి. వాళ్లు సుదీ అన్నా శుక్ల అన్నా మన శుద్ధం. వదీ అన్నా బదీ అన్నా కృష్ణ అన్నా మన బహుళం.

శుద్ధపక్షం అయితే ఇక చేయాల్సింది ఏమీ లేదు, నెల పేరు కూడా రెండు చోట్లా ఒకటే. రథసప్తమి, అంతర్వేది రథం కదిలే భీష్మ ఏకాదశి, శ్రీరామనవమి, వినాయక చవితి, దసరా, ఇవన్నీ శుద్ధపక్షానివే. వీటి గురించి కాశీవాళ్లకీ కాకినాడవాళ్లకీ పేచీ రాకపోవడానికి కారణం అదే. ఇక్కడితో ఆపేయండి.

2. బహుళ పక్షం అయితే నెల ఒకటి జరపండి

మన పేరు నుంచి వాళ్ల పేరుకి వెళ్లాలంటే ఒక నెల ముందుకి. వాళ్ల పేరు నుంచి మన పేరుకి రావాలంటే ఒక నెల వెనక్కి. తిథిని మాత్రం ముట్టుకోవద్దు.

మన మాఘ బహుళం వాళ్ల ఫాల్గుణ కృష్ణం, శివరాత్రి అందులోది. మన శ్రావణ బహుళం వాళ్ల భాద్రపద కృష్ణం, కృష్ణాష్టమి అందులోది. మన భాద్రపద బహుళం అంటే మహాలయ పక్షం, వాళ్లకి ఆశ్విన కృష్ణం. మన ఆశ్వయుజ బహుళంలో వచ్చే నరక చతుర్దశి, దీపావళి వాళ్లకి కార్తీక కృష్ణంలో వస్తాయి. అంటే దీపావళి మనకి ఆశ్వయుజం ఆఖరి రోజు, వాళ్లకి కార్తీకం సరిగ్గా మధ్యలో. అయినా టపాసులు రెండు చోట్లా ఒకే సాయంత్రం కాలుస్తారు, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే ఎటు జరపాలో ఎప్పుడూ మర్చిపోరు.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, నెల ఒకటి జరిపాక రోజుల్ని కూడా నెలో పదిహేను రోజులో జరిపేయడం. జరిగేది పేరు మాత్రమే. సీసా మీద చీటీ మారుతుంది, లోపల సరుకు అదే అనుకోండి.

3. పేరు మార్చాక ఇంగ్లిష్ తేదీ దగ్గర కట్టేయండి

2026 శివరాత్రి తీసుకుని చేద్దాం.

మన లెక్కలో మాఘమాసం 2026 జనవరి 19న మొదలైంది. ఫిబ్రవరి 1 పౌర్ణమి, 17 అమావాస్య. పౌర్ణమి మర్నాడు, అంటే ఫిబ్రవరి 2 నుంచి, మనకి మాఘ బహుళం. అదే ఫిబ్రవరి 2న కాశీలో మాఘం అయిపోయి ఫాల్గుణం మొదలైంది, కాబట్టి 2 నుంచి 17 దాకా వాళ్లది ఫాల్గుణ కృష్ణం. ఆ పక్షంలో చతుర్దశి ఒక్కటే ఉంటుంది. మీరు మాఘ బహుళ చతుర్దశి అని వెతికినా, వాళ్లు ఫాల్గుణ కృష్ణ చతుర్దశి అని వెతికినా చేరేది ఫిబ్రవరి 15 రాత్రికే.

మనవాళ్లెవరైనా "ఫాల్గుణం అన్నారు కదా" అని మన క్యాలెండర్‌లో ఫాల్గుణ బహుళ చతుర్దశి వెతికితే అది మార్చి 17న దొరుకుతుంది. అదీ ఒక మాస శివరాత్రే, ప్రతి నెలా బహుళ చతుర్దశికి ఒకటి వస్తుంది కాబట్టి. క్యాలెండర్‌లో "మాస శివరాత్రి" అని కూడా వేసి ఉంటుంది, దాంతో ఇంకా నమ్మకం కలుగుతుంది. మహాశివరాత్రి మాత్రం కాదు.

దీన్ని పట్టుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. మహాశివరాత్రి తర్వాత హోలీ పౌర్ణమి రావడానికి సుమారు పదహారు రోజులు, ఉగాది రావడానికి సుమారు నెల రోజులు పట్టాలి. 2026లో శివరాత్రి ఫిబ్రవరి 15, హోలీ పౌర్ణమి మార్చి 3, ఉగాది మార్చి 19, సరిపోయింది. మీరు తేల్చిన శివరాత్రి తర్వాత రెండు రోజులకే ఉగాది వచ్చేస్తుంటే నెల పేరుని మార్చకుండా వాడారన్నమాట.

4. క్యాలెండర్ గడిలో తిథి చూసి కంగారు పడొద్దు

ఇది అమాంతం గొడవ కాదు, కానీ అందరూ దాని మీదకే నెట్టేస్తారు కాబట్టి చెప్పాలి.

2026 ఫిబ్రవరి 15 గడిలో చూడండి, త్రయోదశి అని ఉంటుంది. 16 గడిలో చతుర్దశి అని ఉంటుంది. కానీ మహాశివరాత్రి అని ఎర్ర అక్షరాలతో వేసింది 15 గడిలో. "చతుర్దశి 16న కదా, మనవాళ్లు 15న చేస్తున్నారు, ఉత్తరాదివాళ్ల లెక్క వేరేమో" అని అనుమానం వస్తుంది.

క్యాలెండర్ గడిలో వేసేది సూర్యోదయానికి ఉన్న తిథి. శివరాత్రికి చూడాల్సింది అర్ధరాత్రి ఉన్న తిథి, లింగోద్భవ కాలం అప్పుడే కాబట్టి. మన గోదావరి జిల్లాల్లో ఆ రోజుల్లో అసలైన అర్ధరాత్రి గడియారంలో పన్నెండుంపావు ప్రాంతంలో వస్తుంది. చతుర్దశి 15 సాయంత్రం ఐదు దాటాక మొదలై 16 సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో ముగుస్తుంది. అంటే 15 అర్ధరాత్రి చతుర్దశి ఉంది, 16 అర్ధరాత్రికి అమావాస్య వచ్చేసింది. కాబట్టి 15. కాశీ పంచాంగం కూడా ఇదే అర్ధరాత్రి సూత్రంతో 15నే చేరుతుంది.

మీరు చేయాల్సింది ఏంటంటే, గడిలో పెద్దగా వేసిన తిథి పేరు కాదు, దాని పక్కన చిన్న అంకెల్లో ఉన్న ముగింపు సమయం చూడండి. త్రయోదశి సాయంత్రం దాకానే ఉందంటే ఆ రాత్రి చతుర్దశే. పంచాంగానికీ పంచాంగానికీ ఈ సమయాల్లో కొన్ని నిమిషాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ తేడా ఉంటుంది, గణితం పద్ధతి వేరు కావడం వల్ల. తిథి సరిగ్గా అర్ధరాత్రికి దగ్గరగా మారే సంవత్సరంలో ఈ తేడా వల్ల పండగ ఒక రోజు అటూఇటూ కావచ్చు. గుర్తుపెట్టుకోండి, తేడా ఒక రోజైతే కారణం తిథి సమయం. పదిహేను రోజులో నెలో అయితే కారణం నెల పేరు.

5. నెలంతా చేసేవాటికి మొదలూ చివరా విడిగా చూసుకోండి

ఇక్కడ తేదీలు నిజంగా మారతాయి. మన డెల్టా నుంచి కాశీకి వెళ్లేవాళ్లకి అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

కార్తీకమాసం మనకి దీపావళి అమావాస్య వెళ్లిన మర్నాడు మొదలు. 2026లో దీపావళి నవంబర్ 8, అమావాస్య 9 మధ్యాహ్నం దాకా ఉంది కాబట్టి కార్తీకం 10న మొదలై డిసెంబర్ 9 ప్రాంతం దాకా నడుస్తుంది. కార్తీక సోమవారాలు నవంబర్ 16, 23, 30, డిసెంబర్ 7. ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం, సామర్లకోట, అమరావతి ఒక్క రోజులో చుట్టి వచ్చే పంచారామాల బస్సులు కిటకిటలాడేది ఈ రోజుల్లోనే.

కాశీలో కార్తీకం ఆ ఏడాది అక్టోబర్ 27న మొదలై నవంబర్ 24న కార్తీక పౌర్ణమితో ముగుస్తుంది. ఘాట్లలో తెల్లవారుజామున కార్తీక స్నానాలకి వచ్చే జనం, వెదురు గడల మీద బుట్టల్లో వెలిగించే ఆకాశదీపాలు, ఆఖరున దేవ దీపావళి, అన్నీ పౌర్ణమికి పూర్తవుతాయి. పౌర్ణమి మర్నాడు వాళ్లకి మార్గశిరం.

ఇప్పుడు "కార్తీకం ఆఖరి సోమవారం కాశీలో ఉండాలి" అని డిసెంబర్ 7కి టికెట్లు తీసుకుంటే ఏమవుతుంది? దర్శనం చక్కగా అవుతుంది, గంగాస్నానం అవుతుంది, మీ వ్రతానికి లోటేమీ లేదు, మన లెక్కలో అది కార్తీకమే. కానీ మీరు ఊహించుకున్న కార్తీకపు ఘాట్లు అక్కడ ఉండవు, రెండు వారాల క్రితమే అయిపోయి ఉంటాయి. పెద్దవాళ్లని తీసుకుని అంత దూరం వెళ్లి "ఇదేంటి, దీపాలేవీ" అని చిన్నబుచ్చుకున్నవాళ్లు ఉన్నారు.

రెండూ కావాలంటే రెండు కార్తీకాలూ కలిసే పక్షంలో వెళ్లండి, అంటే దీపావళి వెళ్లాక పౌర్ణమి దాకా. 2026కి నవంబర్ 10 నుంచి 24. దేవ దీపావళి కూడా చూడాలంటే 24 సాయంత్రం అక్కడ ఉండాలి, ఆ రోజుకి గదులు దొరకడం కష్టం, చాలా ముందే చూసుకోండి. రద్దీ వద్దు, ప్రశాంతంగా దర్శనం చాలు అనుకునేవాళ్లకి మాత్రం మన కార్తీక బహుళమే మంచిది.

శ్రావణం కూడా ఇంతే. బీహార్ నుంచి వచ్చి మన రైస్ మిల్లుల్లో పనిచేసే కుర్రాళ్లు సావన్ మొదలైందని సోమవారాలు ఉపవాసం ఉంటుంటారు, ఇక్కడ మనకి ఇంకా ఆషాఢం నడుస్తుంటుంది, కొత్త అల్లుడు అత్తారింటి గడప తొక్కడు, పెళ్లిళ్లు ఉండవు. వాళ్లూ పొరబడలేదు, మనమూ పొరబడలేదు. 2026లో వాళ్ల సావన్ జులై 30 నుంచి ఆగస్టు 28 దాకా, మన శ్రావణం ఆగస్టు 13న మొదలు. వాళ్ల సోమవారాలు ఆగస్టు 3, 10, 17, 24. మనవి 17, 24, 31, సెప్టెంబర్ 7. మధ్యలో రెండే కలుస్తాయి.

సావన్ శివరాత్రి అని ఒకటి విని కంగారుపడొద్దు. 2026లో అది ఆగస్టు 11, మన లెక్కలో ఆషాఢ బహుళ చతుర్దశి. మన శ్రావణం అప్పటికి మొదలే కాలేదు. రెండో మెట్టులో చెప్పినట్టు ఒక నెల వెనక్కి జరిపితే సరిగ్గా ఆషాఢమే వస్తుంది, చూసుకోండి.

6. ఆ ఏడాది అధికమాసం ఉందేమో చూడండి

అధికమాసం రెండు పద్ధతుల్లోనూ అమావాస్య నుంచి అమావాస్య దాకానే. అక్కడా ఇక్కడా అవే తేదీలు, అదే పేరు. 2026లో అధిక జ్యేష్ఠం మే 17 నుంచి జూన్ 15 దాకా ఇద్దరికీ ఒకటే. కాబట్టి అధికమాసం బహుళంలో ఉన్న తిథికి నెల జరపొద్దు, ఉన్నది ఉన్నట్టు ఉంచండి.

వాళ్ల లెక్కలో ఇది నెల మధ్యలో వచ్చి పడుతుంది. మే 2 నుంచి 16 దాకా జ్యేష్ఠ కృష్ణం, అక్కడ ఆపి అధికమాసం, మళ్లీ జూన్ 16 నుంచి జ్యేష్ఠ శుక్లం. అందుకని మన వైశాఖ బహుళాన్ని వాళ్ల పేరులోకి మార్చేటప్పుడు "తర్వాతి నెల అధిక జ్యేష్ఠం కదా" అని అది రాయొద్దు, మామూలు జ్యేష్ఠ కృష్ణమే. 2023లో అధిక శ్రావణం వచ్చినప్పుడు ఉత్తరాదిలో సావన్ దాదాపు రెండు నెలలు, జులై 4 నుంచి ఆగస్టు 31 దాకా సాగిందని వార్తల్లో చూసే ఉంటారు. కారణం ఇదే.

తద్దినం తిథి: ఇక్కడ తప్పితే నెల తప్పుతుంది

పండగ విషయంలో మీరు పొరబడ్డా ఊళ్లో గుడి మైకు వినిపించి సరిదిద్దుతుంది. తద్దినానికి అలా చెప్పేవాళ్లు ఉండరు, అందుకే దీన్ని విడిగా రాస్తున్నాను.

ఇంటి పెద్దాయన కాశీలోనో ఢిల్లీలో కొడుకు దగ్గరో పోయారనుకోండి. అక్కడి పురోహితుడు చీటీ మీద "ఫాల్గుణ కృష్ణ పంచమి" అని రాసిచ్చారు. ఇంటికొచ్చాక ఆ చీటీ జాగ్రత్తగా దాచారు. ఏడాది తిరిగేసరికి మన పంచాంగంలో ఫాల్గుణ బహుళ పంచమి చూసి పంతులుగారికి చెప్పేశారు. చీటీ ఎక్కడిదో పంతులుగారికి తెలియదు, అడిగిన తిథికి తేదీ చెప్పి పంపారు. నెల ఆలస్యం జరిగిపోయింది.

2026 తేదీలతో చూడండి. ఫాల్గుణ కృష్ణ పంచమి అంటే అక్కడ ఫిబ్రవరి 6. మన పేరు మాఘ బహుళ పంచమి. అదే మన ఫాల్గుణ బహుళ పంచమి అంటే మార్చి 8. ఆ రోజుని ఉత్తరాదిలో చైత్ర కృష్ణ పంచమి అంటారు, రంగపంచమి చేసుకునే రోజు.

సరిచూసుకునే పద్ధతి ఇది. మరణ ధృవీకరణ పత్రం మీద తేదీ ఉంటుంది. పోయిన సమయం ఇంట్లో ఎవరికైనా గుర్తుంటుంది. ఆ సంవత్సరపు తెలుగు పంచాంగం తెరిచి, ఆ తేదీన, ఆ సమయానికి ఏ నెల, ఏ పక్షం, ఏ తిథి నడుస్తోందో చూసి రాసుకోండి. చీటీలో తిథీ, మీరు రాసుకున్న తిథీ ఒకటే అయి, నెల మాత్రం ఒకటి తేడా ఉండి, పక్షం బహుళం అయితే అంతా సరిగ్గా ఉన్నట్టే, మీ పేరుతో చేసుకోండి. పక్షం శుద్ధం అయ్యుండి నెల తేడా వచ్చినా, లేక తిథే తేడా వచ్చినా ఎక్కడో రాతలో పొరపాటు ఉంది, చీటీని నమ్మకుండా తేదీతో పంతులుగారి దగ్గరికి వెళ్లండి. సమయం తెల్లవారుజామున అయితే మరీ జాగ్రత్త, ఇంగ్లిష్ తేదీ అర్ధరాత్రికే మారిపోతుంది, మన రోజు సూర్యోదయానికి గానీ మారదు.

చైత్ర కృష్ణం అని ఉన్న చీటీలతో ఇంకో చిక్కు ఉంది. వాళ్లకి కూడా కొత్త సంవత్సరం చైత్ర శుక్ల పాడ్యమినే, అంటే మన ఉగాది రోజే. కానీ చైత్రం అంతకు పదిహేను రోజుల ముందే మొదలైపోతుంది. కాబట్టి ఒకే విక్రమ సంవత్సరంలో చైత్ర శుక్లం మొదట్లో, చైత్ర కృష్ణం ఆఖర్లో వస్తాయి. విక్రమ 2082 చైత్ర కృష్ణం అంటే 2026 మార్చి 4 నుంచి ఉగాది ముందు రోజు దాకా, మన విశ్వావసు ఫాల్గుణ బహుళం. 2025లో ఉగాది వెళ్లాక వచ్చిన చైత్ర బహుళం కాదు. చైత్రం అనగానే సంవత్సరం మొదలని వెతికితే ఏడాది దాకా తేడా వచ్చేస్తుంది.

ఇంట్లో రాసిపెట్టుకునేటప్పుడు ఇలా రాయండి: ఇంగ్లిష్ తేదీ, సమయం, ఊరు, తెలుగు సంవత్సరం పేరు, నెల, పక్షం, తిథి, పక్కన "తెలుగు పంచాంగం ప్రకారం" అని ఒక ముక్క. తర్వాతి తరానికి ఆ ఒక్క ముక్కే దారి చూపిస్తుంది.

అమాంతానికి సంబంధం లేని తేడాలు

ప్రతి తేడాకీ ఈ లెక్కే కారణం కాదు. హనుమజ్జయంతి చూడండి. ఉత్తరాదిలో చైత్ర పౌర్ణమికి, 2026లో ఏప్రిల్ 2న. మనకి వైశాఖ బహుళ దశమికి, మే 12న. నెల జరిపితే ఇది సరిపడదు, ఎందుకంటే రెండు సంప్రదాయాలూ వేరే తిథుల్ని పట్టుకున్నాయి.

కాశ్మీరీ పండితులు శివరాత్రిని హేరథ్ అని త్రయోదశి నాడు చేస్తారు, అదీ ఆచారంలో తేడాయే. తమిళనాడువాళ్లు మాసి నెల అనీ, కేరళవాళ్లు కుంభం అనీ అంటారు, అవి సూర్యుడి లెక్క నెలలు, వాటికి ఈ జరపడం పనికిరాదు. అక్కడివాళ్లతో మాట్లాడేటప్పుడు నేరుగా ఇంగ్లిష్ తేదీ అడిగేయండి.

వటసావిత్రి మాత్రం కాస్త తమాషాగా ఉంటుంది. ఉత్తరాదిలో జ్యేష్ఠ అమావాస్యకి చేస్తారు, అంటే మన వైశాఖ అమావాస్య. మహారాష్ట్ర, గుజరాత్‌ వైపు జ్యేష్ఠ పౌర్ణమికి, మనకి ఏరువాక పున్నమి వచ్చే రోజుకి. మామూలు ఏడాదిలో తేడా పదిహేను రోజులే, 2026లో మధ్యలో అధికమాసం దూరడంతో మే 16 ఒకచోట, జూన్ 29 ఇంకోచోట. టీవీలో చూసి మనం మర్చిపోయామేమో అని ఎవరూ బాధపడక్కర్లేదు.

ఆఖరుగా సరిచూసుకోవడానికి

పుస్తకాలన్నీ మూసేసి ఆకాశం చూడండి. బహుళ చతుర్దశి అంటే తెల్లవారే ముందు తూర్పున సన్నటి నెలవంక ఉండాలి, లేదా అసలు కనిపించకూడదు, రాత్రంతా చీకటి. మీరు తేల్చిన శివరాత్రి నాటి సాయంత్రం తూర్పున నిండు చంద్రుడు లేస్తుంటే మీరు పట్టుకున్నది శుద్ధ చతుర్దశి, హోలీ ముందు రోజు. పక్షం అడగకుండా "ఫాల్గుణ చతుర్దశి" అన్న మాట మీద వెళ్లినవాళ్లకి సరిగ్గా ఇదే జరుగుతుంది.

కాగితం మీద చూసుకోవాలంటే, మీరు తేల్చిన తేదీ తర్వాత ఒకటి రెండు రోజుల్లో అమావాస్య ఉందా, దాని తర్వాత వచ్చే పౌర్ణమి హోలీదేనా అని చూడండి. రెండిటికీ అవునంటే రైలు టికెట్లు తీసుకోవచ్చు. కాశీకైతే శివరాత్రి ముందు రోజు పొద్దుటికి చేరేలా చూసుకోండి, ఆ రోజు గుడి చుట్టుపక్కల వీధుల్లో వాహనాలు ఆపేస్తారు, సామాను మోసుకుని నడవాల్సి వస్తుంది.